పెదవి కదలని జిక్ర్

బుఖారాలో ఒక కుర్రవాడు గురువు దగ్గర ఖురాన్ వ్యాఖ్యానం చదువుకుంటున్నాడు. ఏడో సూరాలోని 55వ ఆయత్ వచ్చింది. మీ ప్రభువును వినయంగా, గోప్యంగా వేడుకోండి అని దాని భావం. కుర్రవాడు అక్కడ ఆగిపోయాడు. గోప్యంగా అంటే ఎలా? పైకి అంటే పక్కవాడు వింటాడు. పెదవులు మాత్రమే కదిపినా చూసేవాడికి తెలిసిపోతుంది. పోనీ మనసులోనే అనుకుందామా అంటే, సైతాను మనిషిలో రక్తంలా పారుతుంటాడని హదీసు చెబుతోంది, వాడికి తెలియకుండా ఉండదు. ఇక గోప్యం ఎక్కడిది? గురువు సద్రుద్దీన్ తనకు తెలియదని ఒప్పుకున్నాడు. ఇది పుస్తకాల్లో దొరికే చదువు కాదని, దేవుడు తలిస్తే నేర్పేవాడు వస్తాడని అన్నాడట.

ఆ కుర్రవాడే అబ్దుల్ ఖాలిక్ గిజ్దువానీ, 12వ శతాబ్దపు మధ్య ఆసియా సూఫీ. నేర్పడానికి వచ్చినవాడు, చావు లేకుండా తిరుగుతూ దారి చూపుతాడని సూఫీలు నమ్మే ఖిజ్ర్ అని, కొలనులో మునిగి నీళ్ల కింద ‘లా ఇలాహ ఇల్లల్లాహ్’, అంటే ‘అల్లాహ్ తప్ప మరో దేవుడు లేడు’, అనుకోమన్నాడని గిజ్దువానీ పరంపరలో వచ్చిన నక్ష్‌బందీల జీవితచరిత్రలు చెబుతాయి. దీన్ని చరిత్రగా తీసుకోనక్కరలేదు. కానీ కథ అల్లినవాళ్ల తెలివి చూడండి. నీళ్ల కింద నోరు తెరవలేం, ఊపిరి పీల్చలేం. అక్కడ మిగిలేది లోపల నడిచే మాట ఒక్కటే. నక్ష్‌బందీ సూఫీల సాధన అంతా ఆ కొలనులోంచే వచ్చినట్టుంటుంది.

జిక్ర్ అంటే స్మరణ, తలచుకోవడం. ఈ మాట ఖురాన్‌లో పదే పదే వస్తుంది. అల్లాహ్ స్మరణతోనే హృదయాలకు శాంతి అంటుంది 13వ సూరాలోని 28వ ఆయత్. జిక్ర్ చేయాలా వద్దా అని ముస్లిం పండితుల్లో ఎవరూ వాదించుకోలేదు. వాదమంతా ఏ మాటతో, ఎంత గొంతుతో, ఏ పద్ధతిలో అన్నదాని మీదే. చాలా సూఫీ తరీఖాల్లో, అంటే గురుపరంపరల్లో, గుంపుగా కూర్చుని పైకి చేస్తారు. 14వ శతాబ్దంలో బహావుద్దీన్ నక్ష్‌బంద్ (1318–1389) గురువు అమీర్ కులాల్ దగ్గరా అదే వాడుక. గొంతెత్తి జిక్ర్ మొదలవగానే బహావుద్దీన్ లేచి బయటికి వెళ్లిపోయేవాడట. తోటివాళ్లకు అది పొగరుగా కనిపించింది. ఆయన మాత్రం తనకంటే ఎంతో ముందు చనిపోయిన గిజ్దువానీ దర్శనంలో కనిపించి ఇచ్చిన ఆదేశాన్ని పాటిస్తున్నాననుకున్నాడు.

ఆ మౌన జిక్ర్ ఎలా చేస్తారో నక్ష్‌బందీ గ్రంథాలు చాలా వివరంగా చెబుతాయి. నాలుకను అంగిలికి ఆనించాలి. పెదవులు, పళ్లు మూసి ఉంచాలి. ఊపిరిని నాభి కింద బిగపట్టాలి. అప్పుడు ‘లా’ అనే మాటను, నోటితో కాక ఊహతో, నాభి నుంచి పైకి తలదాకా లాగాలి. ‘ఇలాహ’ను అక్కడి నుంచి కుడి భుజం మీదికి దించాలి. ‘ఇల్లల్లాహ్’ను ఎడమ రొమ్ము కింద ఉన్న గుండె మీద బలంగా కొట్టాలి. మొదటి సగంలో ‘లేదు’ అన్నప్పుడు లోకంలో తనకు గురిగా ఉన్నవన్నీ, తనతో సహా, చెరిగిపోవాలి. రెండో సగంలో ‘తప్ప’ అన్నప్పుడు ఆయన ఒక్కడే నిలవాలి. ఒకే ఊపిరిలో దీన్ని బేసి సంఖ్యలో చేస్తారు. మొదట మూడు, అలవాటయ్యాక ఐదు, ఏడు, అలా ఇరవై ఒకటి దాకా. ఊపిరి వదిలేటప్పుడు ‘ముహమ్మదుర్ రసూలుల్లాహ్’, అంటే ‘ముహమ్మద్ అల్లాహ్ ప్రవక్త’, అనుకుంటారు.

లెక్కను వాళ్లు ‘ఉఖూఫె అదదీ’ అంటారు, అంటే సంఖ్య మీద ఎరుక. చెదిరే మనసుకు లెక్క ఒక కట్టుకొయ్య. ఇరవై ఒకటికి చేరినా లోపల ఏ మార్పూ కనిపించకపోతే, చేసిన దాంట్లో ఎక్కడో లోటుందని అర్థం, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. ఆ మార్పు వెలుగు కనిపించడమో, శబ్దం వినిపించడమో కాదు. ‘లేదు’ అన్నప్పుడు తన ఉనికి మీది పట్టు సడలడం, ‘తప్ప’ అన్నప్పుడు ఒక లాగుడు తెలియడం. ఇంతా చెప్పి, బహావుద్దీన్ ఊపిరి బిగపట్టడాన్నీ లెక్కనూ తప్పనిసరి చేయలేదు. గుండె మీద ఎరుక తప్పకూడదన్నాడు, మిగతావి ఊతకర్రలు. ఊపిరి బిగపట్టేకొద్దీ ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, తల తిరగవచ్చు. ఆ తల తిరుగుడునే పారవశ్యం అనుకునే ప్రమాదం ఉండనే ఉంది. అదే తరీఖాకు చెందిన అహ్మద్ సిర్హిందీ (1564–1624) కూడా, దారిలో కనిపించే వెలుగులూ రూపాలూ గమ్యం కావని, వాటి దగ్గర ఆగిపోవద్దని హెచ్చరించాడు.

సూఫీలు కాని పండితుల మాటకొస్తే, మొదటి అభ్యంతరం ఫిఖ్, అంటే ధర్మశాస్త్రం, నుంచి వచ్చింది. అందులో ద్వేషమేమీ లేదు. 13వ శతాబ్దంలో షాఫయీ అనే ధర్మశాస్త్ర సంప్రదాయానికి చెందిన పండితుడు నవవీ, జిక్ర్ గుండెతోనూ నాలుకతోనూ అవుతుంది, రెండూ కలిస్తే మేలు, ఒక్కటే అయితే గుండెదే మేలు అన్నాడు. ఇది వింటే మౌన జిక్ర్ చేసేవాడికి ఊరటగానే ఉంటుంది. కానీ ఆయనే మరో చోట ఒక గీత గీశాడు. నమాజులోనూ ఇతర వేళల్లోనూ షరీఅత్ విధించిన జిక్ర్‌లు, వినికిడి బాగున్న మనిషి తన చెవికి తాను వినగలిగేలా పలికితే తప్ప లెక్కలోకి రావు. అంటే మౌనం గొప్పదే, కానీ విధిగా పలకాల్సిన మాటకు బదులు కాదు. సాధకుడికి అసలు కావాల్సిన స్పష్టత ఇదేనని నాకనిపిస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. జిక్ర్ ముదిరేకొద్దీ మాట చిన్నదవుతూ వస్తుంది. మొదట పూర్తి వాక్యం, తర్వాత ‘అల్లాహ్’ ఒక్కటే, ఆ తర్వాత ‘హూ’, అంటే ‘ఆయన’. పండితుడూ సూఫీ కూడా అయిన గజాలీ (1058–1111) ఈ కుదింపును వర్ణించాడు. ఏకాంతంలో కూర్చుని ‘అల్లాహ్, అల్లాహ్’ అంటూ పోతే, కొంతసేపటికి నాలుక కదపడం మానేసినా మాట దానంతటదే పారుతున్నట్టు ఉంటుంది. తర్వాత నాలుక మీది జాడ పోతుంది, గుండె అంటూ ఉంటుంది. చివరికి గుండెలోంచి అక్షరాల రూపం కూడా చెరిగి అర్థం మాత్రం మిగులుతుంది.

డమాస్కస్‌లో ఉన్న పండితుడు ఇబ్నె తైమియా (1263–1328) ఇక్కడే పట్టుకున్నాడు. ఒంటరి పేరు వాక్యం కాదు, అది ఏదీ చెప్పదు. దానిలో విశ్వాసమూ లేదు, అవిశ్వాసమూ లేదు. ప్రవక్త నేర్పినవన్నీ నిండు వాక్యాలే. పేరును మాత్రమే తిప్పుతూ పోతే మనసు ఏ ఊహకైనా తలుపు తెరుస్తుంది అన్నాడు. సమర్థకులు ఆరో సూరాలోని 91వ ఆయత్‌ను చూపించేవాళ్లు. అందులో ‘అల్లాహ్ అని చెప్పు, తర్వాత వాళ్లను వదిలెయ్’ అని ఉంది కదా అనేవాళ్లు. ఇబ్నె తైమియా జవాబు వ్యాకరణం. ఆ ఆయత్‌లోనే పైన ఒక ప్రశ్న ఉంది, మూసా ప్రవక్త తెచ్చిన గ్రంథాన్ని దించింది ఎవరని. ‘అల్లాహ్’ అన్నది ఆ ప్రశ్నకు జవాబు, దించింది అల్లాహ్ అనే వాక్యంలో మిగిలిన ముక్క. విడిగా జపించమన్న ఆజ్ఞ కాదు.

ఇంకో వాదం మరీ మనసుకు పట్టేది. బాగ్దాద్ సూఫీ షిబ్లీ ‘అల్లాహ్’ అని మాత్రమే అనేవాడట. ఎందుకలా అంటే, ‘లా ఇలాహ’ దగ్గర, అంటే ‘దేవుడు లేడు’ అన్నచోట, ప్రాణం పోతుందేమోనని భయం అన్నాడట. ఇబ్నె తైమియా దీన్ని ఒప్పుకోలేదు. పనులు సంకల్పాన్ని బట్టి ఉంటాయి, మధ్యలో చనిపోయినవాడు తలపెట్టిన మాటకే దక్కుతాడు అన్నాడు. తర్కం ఆయన పక్షానే ఉంది. అయినా షిబ్లీ భయం మరచిపోలేం.

ఇబ్నె తైమియాను సూఫీల శత్రువుగా చూపించడం ఇప్పుడు మామూలైపోయింది. అది సగం నిజం కూడా కాదు. పేరున్న సూఫీలైన జునైద్‌నూ అబ్దుల్ ఖాదిర్ జీలానీనీ ఆయన గౌరవించాడు, జీలానీ రచనలో కొంత భాగానికి వ్యాఖ్య కూడా రాశాడు. మరోవైపు గజాలీ తన పద్ధతి మీదే పండితుల అభ్యంతరాన్ని దాచలేదు. చదువు లేకుండా ఈ దారి పట్టినవాడి మనసుకు ఒక తప్పు ఊహ అంటుకుంటే, ఇరవై ఏళ్లు అందులోనే ఇరుక్కుపోవచ్చు, విద్య ఉండి ఉంటే ఆ ముడి అప్పుడే విప్పుకునేవాడు అని వాళ్ల మాటగా ఆయనే రాసిపెట్టాడు.

గొంతు సంగతిలో రాజీ కుదిర్చినవాడు కైరోకు చెందిన పండితుడు సుయూతీ (1445–1505). ప్రయాణంలో సహచరులు ‘అల్లాహు అక్బర్’ అనే తక్బీర్‌ను గట్టిగా అంటుంటే, మీరు పిలిచేది చెవిటివాణ్ణో దూరాన ఉన్నవాణ్ణో కాదని ప్రవక్త వారించిన హదీసు ఉంది. పైకి చేసిన జిక్ర్‌ను మెచ్చిన హదీసులూ ఉన్నాయి. రెండూ నిలవాలంటే సందర్భం చూడాలి. పక్కవాడి నమాజుకో నిద్రకో అడ్డమైతే, నలుగురి మెప్పు కోసం చేస్తున్నానేమోనని అనుమానం ఉంటే, నెమ్మదిగా చేయాలి. లేకపోతే పైకి చేయడమే మేలు, నిద్రమత్తు వదులుతుంది, విన్నవాడికీ లాభం.

ఈ రాజీ అందరికీ అందలేదు. 18వ శతాబ్దంలో చైనా వాయవ్యాన గాన్సూ ప్రాంతంలో మా లాయ్‌చీ (1681–1766) శిష్యులు మౌన జిక్ర్ చేసేవాళ్లు, వాళ్లను ఖుఫియ్యా అన్నారు. యెమెన్‌లో చదివి వచ్చిన మా మింగ్‌షిన్ (1719–1781) పైకి చేయించాడు, ఆయన వాళ్లు జహ్రియ్యా. తమాషా ఏమిటంటే రెండు వర్గాలూ నక్ష్‌బందీలే. గుంపులోంచి లేచి బయటికి నడిచిన బహావుద్దీన్ పరంపరలోనే, గొంతెత్తే శాఖ ఒకటి మొలిచింది. మదీనాలో ఉన్న నక్ష్‌బందీ పండితుడు ఇబ్రాహీం కురానీ 17వ శతాబ్దంలో పైకి చేసే జిక్ర్‌ను సమర్థించాడు, మా మింగ్‌షిన్ చదువుకున్న యెమెన్ కుటుంబానికి ఆయనతో గురు సంబంధం ఉంది.

గొడవకు గొంతు ఒక్కటే కారణం కాదు. తరీఖా గురువైన షేక్ పదవి తండ్రి నుంచి కొడుక్కి దక్కడాన్నీ, కానుకలు పోగుపడటాన్నీ మా మింగ్‌షిన్ తప్పుపట్టాడు. కానీ ఎవరు ఏ వర్గమో బయటివాడికి చెవినపడేది జిక్ర్‌లోనే. అప్పట్లో చైనాను ఏలిన చింగ్ వంశపు అధికారులు జహ్రియ్యాను ‘కొత్త బోధ’ అని పిలిచి పాతవాళ్ల పక్షం వహించారు. 1781లో సలార్ ముస్లింల మధ్య కొట్లాటలు తిరుగుబాటుగా మారాయి. తిరుగుబాటుదార్లు లాన్‌జౌ కోటను చుట్టుముట్టి, లోపల బందీగా ఉన్న తమ షేక్‌ను విడవమన్నారు. అధికారులు మా మింగ్‌షిన్‌ను గోడ మీదికి తెచ్చి చూపించారు, ఆ తర్వాత చంపించారు. ఆ పైన కొత్త బోధను నిషేధించారు. గొంతెత్తి జిక్ర్ చేయాలన్నవాళ్లు చాటుగా చేసుకోవాల్సి వచ్చింది.