పుట్టిన రోజే రెండు సూదులు: తల్లికి హెపటైటిస్ బి ఉంటే బిడ్డకి మొదటి పన్నెండు గంటలు

మా పర్లాకిమిడి వైపు ఆడపిల్లల కాపురం ఒక రాష్ట్రంలో ఉంటది, పురుడు ఇంకో రాష్ట్రంలో పోసుకుంటారు, ఇది ఎప్పట్నుంచో ఉన్నదే. పాతపట్నం అవతల అత్తోరిల్లు, ఇవతల ఒడిశా గజపతి జిల్లాలో పుట్టిల్లు. కడుపుతో ఉన్నప్పుడు రక్తపరీక్షలు ఆంధ్రా పీహెచ్‌సీలో అయిపోతాయి, నెలలు నిండాక మాత్రం అమ్మ దగ్గరికి వచ్చేస్తది, కార్డు ఒక్కోసారి అక్కడే బీరువాలో ఉండిపోతది. మామూలు పురుడైతే ఇందులో పెద్ద ఇబ్బందేం లేదు. కానీ ఆ కార్డులో హెపటైటిస్ బి వైరస్ పరీక్ష, అంటే హెచ్‌బీఎస్‌ఏజీ అన్న లైను ఎదురుగా పాజిటివ్ అని రాసుంటే, అది లేబర్ రూమ్‌లో సిస్టర్ కంట పడిందా లేదా అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటది.

ఎందుకంటే తల్లి నుంచి బిడ్డకి ఈ వైరస్ అంటుకునేది ఎక్కువగా కాన్పు టైములోనే. తల్లి రక్తం, స్రావాలు బిడ్డ ఒంటికి, కళ్ళకి, నోటికి తగుల్తాయి, అలా లోపలికి పోద్ది. తొమ్మిది నెలలు కడుపులో ఉన్నప్పుడు అంటుకోవడం తక్కువ. అందుకే పుట్టిన వెంటనే ఏదైనా చేస్తే ఆపగలం. ఏమీ చెయ్యకపోతే, తల్లికి ఈ-యాంటిజెన్ కూడా పాజిటివ్ ఉంటే (అంటే వైరస్ బాగా పెరుగుతోందని గుర్తు) పదిమంది బిడ్డల్లో ఏడుగురి నుంచి తొమ్మిదిమందికి వస్తది. ఇంకో సంగతి, పెద్దవాళ్ళకి కొత్తగా అంటుకుంటే నూటికి తొంభై అయిదు మందికి పైగా దాన్ని వాళ్ళంతట వాళ్ళే వదిలించుకుంటారు, పుట్టినప్పుడు అంటుకున్న పిల్లల్లో మాత్రం నూటికి తొంభై మందికి జీవితాంతం ఉండిపోతది. పసిబిడ్డ ఒంట్లో రోగనిరోధక శక్తి దాన్ని శత్రువని గుర్తుపట్టదు, ఊరుకుంటది. కామెర్లు రావు, జ్వరం రాదు, పిల్ల నవ్వుతూ ఆడుతూ పెరుగుద్ది, ముప్ఫై నలభై ఏళ్ళకి కాలేయం గట్టిపడటమో క్యాన్సరో బయటపడ్తది. అసలు ఆ తల్లికి కూడా చాలావరకు వాళ్ళమ్మ దగ్గర్నుంచే వచ్చి ఉండొచ్చు, కాబట్టి ఎక్కడ తెచ్చుకున్నావని కోడల్ని నిలదీసే అత్తగార్లు కాస్త ఆగాలి.

ఇప్పుడు ఆ రెండు సూదుల సంగతి. మొదటిది టీకా. ఇందులో వైరస్ ఉండదు, వైరస్ పైపొరలో ఉండే ప్రోటీన్ ఒక్కటే ఉంటది, దాన్ని ఈస్ట్‌లో పెంచి తీస్తారు. మన దేశంలో ఇలా మొదట తయారుచేసింది హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ వాళ్ళే, 1997లో. టీకా వేస్తే బిడ్డ ఒళ్ళు తనంతట తను యాంటీబాడీలు తయారుచేసుకోవడం మొదలెడ్తది, కానీ దానికి వారాలు పడ్తది. రెండోది ఇమ్యునోగ్లోబ్యులిన్, ఆసుపత్రుల్లో హెచ్‌బిగ్ అంటారు. ఇవి రెడీమేడ్ యాంటీబాడీలు, వేరే మనుషులు దానం చేసిన ప్లాస్మా నుంచి తీసినవి. వేసిన వెంటనే పని మొదలెడ్తాయి, రక్తంలో తిరుగుతున్న వైరస్‌ని పట్టుకుని కాలేయం కణాల్లోకి దూరకుండా చేస్తాయి, కొన్ని నెలల్లో అవి కరిగిపోతాయి. ఊరికి గండి పడినప్పుడు ఇసక బస్తాలు వేసి ఆపుతూ వెనకాల గట్టు కట్టుకోవడం లాంటిది, బస్తాలు హెచ్‌బిగ్, గట్టు టీకా. అదృష్టం ఏంటంటే ఈ వైరస్ చాలా నెమ్మది మనిషి, లోపల పడ్డాక బయటపడటానికి సాధారణంగా రెండు మూడు నెలలు తీసుకుంటది, అందుకే వెంటనే మొదలుపెడితే టీకా దాన్ని దాటిపోగలదు.

ఒక కేసు ఊహించుకుందాం, మా వైపు జరిగేదానికి దగ్గరగా. శనివారం రాత్రి 11.40కి పాప పుట్టింది, 2.7 కిలోలు. తల్లి పాజిటివ్ అని కార్డులో ఉంది, కార్డు కూడా సంచిలోనే ఉంది, సిస్టర్ చూసింది. మొదట బిడ్డని శుభ్రంగా తుడిచింది, ముఖ్యంగా తొడ దగ్గర, సూది గుచ్చే చోట తల్లి రక్తం అంటుకుని ఉంటే సూదితో పాటే లోపలికి తీసుకెళ్ళినట్టవుద్ది కాబట్టి ముందు తుడిచి తర్వాతే ఏ సూదైనా, విటమిన్ కె అయినా సరే. 12.20కి ఎడమ తొడ ముందువైపు కండలో టీకా, అర ఎంఎల్. పిరుదులో వెయ్యరు. ఇక్కడికి నలభై నిమిషాలు.

హెచ్‌బిగ్ ఆసుపత్రిలో లేదు. ఇక్కడే చాలాచోట్ల బండి ఆగిపోద్ది. హెచ్‌బిగ్ వచ్చాక రెండూ కలిపి వేద్దాంలే అని టీకాని కూడా ఆపేస్తారు, అంతకంటే పెద్ద పొరపాటు లేదు. టీకా ఫ్రిజ్‌లోనే ఉంటది, టీకా ఒక్కటే వేసినా ఎక్కువమంది పిల్లల్ని కాపాడుద్ది, దానికి హెచ్‌బిగ్ కలిస్తే కాపాడేది ఇంకా పెరుగుద్ది, అంతే. కాబట్టి ఉన్నది ముందు వేసెయ్యాలి, లేనిదాని కోసం మనిషిని పంపాలి. రాత్రికి రాత్రి పాప బాబాయి ఫోన్లు చేసి, శ్రీకాకుళంలో ఒక పెద్ద మందుల షాపులో ఉందని తెలుసుకుని, తెల్లారగట్ల బయల్దేరి తొమ్మిదిన్నరకి తెచ్చాడనుకోండి, అప్పటికి పాపకి పది గంటల వయసు. కుడి తొడలో అర ఎంఎల్, వేరే సిరంజీతో. పన్నెండు గంటల్లోపు రెండూ పడ్డాయి. రెండూ ఒకే సిరంజీలో కలపకూడదు, ఒకే తొడలో ఒకేచోట వెయ్యకూడదు, రెడీమేడ్ యాంటీబాడీలు ఆ టీకాలో ప్రోటీన్‌నే పట్టుకుంటాయి కదా మరి.

తెచ్చేటప్పుడు రెండు మాటలు. సీసా మీద హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబ్యులిన్ అని ఉందో లేదో చదవండి, హడావుడిలో హెపటైటిస్ బి అన్నంతవరకే విని షాపువాడు పెద్దవాళ్ళ టీకా చేతిలో పెట్టిన సందర్భం రావచ్చు. పట్టి చూసినా తేడా తెలుస్తది, టీకా సీసా ఊపితే పల్చటి పాలలాగా మసకగా అవుద్ది, హెచ్‌బిగ్ తేటగా ఉంటది. మన దగ్గర పసిపిల్లలకి ఇచ్చేది సాధారణంగా 100 యూనిట్ల సీసా, ఎన్ని యూనిట్లో డాక్టరే కాగితం మీద రాసివ్వాలి. రెండోది, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి అంటే ఐసులో పాతిపెట్టమని కాదు. ఐసు ప్యాక్‌కి గుడ్డో పేపరో చుట్టి పక్కన పెట్టాలి, గడ్డకడితే పనికిరాదు. టీకా అయితే మరీను, ఒకసారి గడ్డకట్టి కరిగితే అడుగున రేకులు రేకులుగా దిగిపోద్ది, అలాంటిది వెయ్యకూడదు.

ఇంతలో పాప అమ్మమ్మకి ఓ అనుమానం. "రాత్రి ఒక సూది ఏసేసినారు కదేటి సిస్టరమ్మా, పసిగుడ్డుకి మళ్ళీ ఇంకోటెందుకు?" అది టీకా అమ్మా, ఇది వేరే మందు, ఒకదాని పని ఇంకోటి చెయ్యదు అని సిస్టర్ ఓపిగ్గా చెప్పాలి, చెప్పకపోతే ఆ రెండో సూది పడకుండానే డిశ్చార్జ్ అయి ఆటో ఎక్కేస్తారు, మా వైపు ఇది కొత్త కాదు.

మరి ఆదివారం షాపు దొరక్క సోమవారం మధ్యాహ్నానికి వచ్చిందనుకోండి, ముప్ఫై ఆరు గంటలు దాటిపోయింది కదా అని మానెయ్యకూడదు, ఏడు రోజుల దాకా వెయ్యొచ్చు, కాకపోతే గంటలు గడిచేకొద్దీ, ముఖ్యంగా రెండు రోజులు దాటాక, ఫలితం తగ్గిపోతా ఉంటది. టీకా కూడా అంతే, 24 గంటలు దాటిపోతే పుట్టిన డోసు లెక్కలోకి రాదని ఎవరైనా అంటే, తల్లి పాజిటివ్ అని చెప్పి పిల్లల డాక్టర్‌ని అడగండి, ఇలాంటి బిడ్డకి ఆలస్యమైనా వేస్తారు. పది డోసుల సీసా ఒక్క పిల్లకోసం ఓపెన్ చేస్తే వేస్టు, టీకాల రోజు రండి అనే మాట కూడా వినపడ్తది. ఈ టీకా సీసా సరిగ్గా చల్లగా ఉంచితే తెరిచాక 28 రోజుల దాకా వాడుకోవచ్చని ప్రభుత్వ నియమమే ఉంది, కాబట్టి ఆ సాకు చెల్లదు.

తల్లి రిపోర్టే లేకపోతే? కార్డు అవతలే ఉండిపోయింది, ఫోన్ ఎత్తట్లేదు. టీకా ఎలాగూ వేసెయ్యాలి, అది తల్లి నెగెటివ్ అయినా అందరు పిల్లలకీ వేసేదే. ఆ వెంటనే తల్లికి రాపిడ్ కిట్‌తో పరీక్ష, కాసేపట్లో తెలిసిపోద్ది, పాజిటివ్ వస్తే హెచ్‌బిగ్ వేట మొదలు. ఇదంతా అర్ధరాత్రి పడకుండా ఉండాలంటే ఎనిమిదో నెలలోనే పురుడు పోసే ఆసుపత్రికి వెళ్ళి రిపోర్టు చూపించి, హెచ్‌బిగ్ తెప్పించి పెట్టండని అడగాలి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ఇది ఉచితంగా ఇవ్వాలి, బయట కొంటే వేలల్లో ఉంటది. అంతకన్నా ముందే తల్లికి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో కూడా చూపించుకోవాలి, ఎంఎల్‌కి 2 లక్షల యూనిట్లు దాటితే చివరి మూడు నెలలూ వైరస్‌ని తగ్గించే టెనోఫోవిర్ మాత్ర ఇస్తారు, ఎందుకంటే వైరస్ మరీ ఎక్కువున్న తల్లుల దగ్గర రెండు సూదులు టైముకి పడినా కొంతమంది పిల్లలకి జారిపోతది.

పాలు పట్టొచ్చా అని అందరూ అడుగుతారు. పట్టొచ్చు, మొదటి గంటలోనే, సూదుల కోసం కూడా ఆగక్కర్లేదు. ముర్రుపాలు పిండి పారబోయించే పెద్దలకి ఇదొక కొత్త వంక దొరుకుద్ది, దొరకనివ్వకండి. చనుమొన చిట్లి రక్తం కారుతుంటే మాత్రం ఆ పక్క మానేసి సిస్టర్‌కి చూపించండి. ఈ జబ్బు ఒక్కదానికోసం సిజేరియన్ కూడా అక్కర్లేదు.

బిడ్డ రెండు కిలోలకన్నా తక్కువ బరువుంటే లెక్క కొంచెం మారుద్ది. రెండు సూదులూ అదే టైముకి పడాలి, కానీ ఆ మొదటి టీకాని డోసుల లెక్కలో వెయ్యరు, ఆ తర్వాత మూడు పూర్తిగా పడాల్సిందే. మన షెడ్యూల్లో ఆరు, పది, పద్నాలుగు వారాలకి పెంటావాలెంట్‌లో ఈ టీకా ఎలాగూ ఉంటది కాబట్టి ఆ మూడూ వదలకపోతే సరిపోద్ది. అప్పటికి తల్లీపిల్లా ఆంధ్రా వైపు వెళ్ళిపోతారు, అక్కడి ఏఎన్‌ఎంకి ఇక్కడేం జరిగిందో తెలీదు. అందుకే డిశ్చార్జ్ ముందు కార్డు మీద టీకా, హెచ్‌బిగ్ రెండిటికీ తేదీతో పాటు టైము, ఏ తొడలో వేశారు, బ్యాచ్ నంబరు రాయించుకోండి, ఫోటో తీసి మొగుడికీ ఆశాకీ పంపించుకోండి.

చివరికి పరీక్ష. కొందరు కంగారుపడి బొడ్డుతాడు రక్తమో నెల పిల్ల రక్తమో పరీక్ష చేయిస్తారు, అది ఏమీ తేల్చదు. బొడ్డుతాడు రక్తంలో తల్లి రక్తం కలిసి ఉండొచ్చు. టీకాలో ఉన్నది కూడా హెచ్‌బీఎస్‌ఏజీ ప్రోటీనే కాబట్టి వేసిన కొద్ది వారాలు పరీక్షలో ఉత్తినే పాజిటివ్ చూపించొచ్చు. హెచ్‌బిగ్ యాంటీబాడీలు ఉన్నన్నాళ్ళు బిడ్డ సొంత యాంటీబాడీలు ఎన్నో తెలీదు. అందుకని తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య చేయించాలి, మీజిల్స్ టీకాకి వెళ్ళినప్పుడు గుర్తుపెట్టుకుంటే సరి. రెండు పరీక్షలు: హెచ్‌బీఎస్‌ఏజీ నెగెటివ్ రావాలి, బిడ్డ సొంత యాంటీబాడీలు ఎన్నో చెప్పే యాంటీ-హెచ్‌బీఎస్ ఎంఎల్‌కి 10 మిల్లీ యూనిట్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. మొదటిది నెగెటివ్ వచ్చి రెండోది పదికి తక్కువుంటే మళ్ళీ టీకా డోసులు ఇచ్చి తిరిగి చూస్తారు. మొదటిదే పాజిటివ్ వస్తే పిల్లల కాలేయం డాక్టర్ దగ్గర చూపించుకుంటూ ఉండాలి, మా వైపు వాళ్ళకి అంటే బరంపురమో విశాఖపట్నమో.