గ్రైప్ వాటర్: 1992లో తీసేసిందేమిటి, సీసాలో మిగిలిందేమిటి

2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో కల్తీ దగ్గుమందు తాగి పిల్లలు చనిపోయిన దగ్గర్నుంచి, పసిపిల్లల మందు సీసాలన్నింటినీ తల్లిదండ్రులు తిప్పి తిప్పి చదువుతున్నారు. దాంతో గ్రైప్ వాటర్ మీద పాత తగాదా మళ్లీ లేచింది. మీకందరికీ ఇదే పట్టి పెంచాం, ఏమైందని అమ్మమ్మలు అడుగుతారు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. కంపెనీలైతే లేబుల్ మీది రెండు మాటలు చూపిస్తాయి: ఆల్కహాల్ లేదు, చక్కెర లేదు.

ఆ రెండు మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే తగాదా సగం అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి 1851లో దీన్ని తయారు చేయడం, సీసా మీద పాముల్ని పిసికే పసివాడి బొమ్మ, అది మన దేశానికి రావడం చాలామంది విన్న కథే. మనకు కావాల్సింది ఆయన పాళ్లు. నీళ్లు, చక్కెర, వంటసోడా, సోయికూర గింజల నూనె, 3.6 శాతం ఆల్కహాల్. నూనె నీళ్లలో కలవడానికి, మందు నిలవ ఉండడానికి ఆల్కహాల్ పనికొచ్చేది. బిడ్డ ఏడుపు ఆగడానికి కూడా పనికొచ్చేదన్న సంగతి మీద ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

లెక్క వేసి చూద్దాం. నెల నిండిన దగ్గర్నుంచి ఆరు నెలల లోపు పిల్లలకు పూటకు 5 మి.లీ. చొప్పున, రోజుకు ఆరుసార్లు మించకుండా పట్టాలన్నది ఇప్పుడు బ్రిటన్‌లో దొరికే సీసా చెప్పే మోతాదు. పాత మందును ఇదే మోతాదులో పట్టారనుకుంటే రోజుకు 30 మి.లీ. అందులో 3.6 శాతమంటే ఒక మిల్లీలీటరుకు కాస్త పైన ఆల్కహాల్. నాలుగు కిలోల బిడ్డకు ఇది పడితే, అరవై కిలోల మనిషికి పదహారు మిల్లీలీటర్లు పడినట్టు. మన దగ్గర 30 మి.లీ. విస్కీ పెగ్గులో ఉండేది దాదాపు పదమూడు. అంటే రోజంతా కొంచెం కొంచెంగా ఒక చిన్న పెగ్గు, ఆపైన కాస్త. ఆల్కహాల్ ఇంకా ఎక్కువగా ఉన్న బ్రాండ్లను పూర్తి మోతాదులో పడితే పెద్దవాళ్లు ఐదు పెగ్గులు తాగినట్టేనని బ్రిటన్‌లో లెక్కలు కట్టారు. పైగా నెలల పిల్లల కాలేయం ఆల్కహాల్‌ను పెద్దవాళ్లంత వేగంగా ఖర్చు చేయలేదు.

1992లో బ్రిటన్ ఆల్కహాల్‌ను తీయించేసింది. నా లెక్కలో మలుపు ఇదే, కానీ అందరూ చెప్పుకునే కారణంతో కాదు. మందులో మత్తు పోయినా అమ్మకాలు పోలేదు. మరి ఇన్నాళ్లూ ఏడుపు ఆపింది ఏమిటి? డాక్టర్లు చెప్పే జవాబు చక్కెర. అప్పుడే పుట్టిన బిడ్డ మడమ గుచ్చి రక్తం తీసేటప్పుడు 24 శాతం చక్కెర నీళ్లు నాలుక మీద రెండు చుక్కలు వేయడం నవజాత శిశువుల వార్డుల్లో మామూలే. తీపి తగలగానే మెదడు నొప్పిని తగ్గించే రసాయనాలను వదులుతుంది, బిడ్డ కొన్ని నిమిషాలు ఊరుకుంటుంది. చెంచాడు గ్రైప్ వాటర్ పట్టగానే ఏడుపు ఠక్కున ఆగడంలోని రహస్యం ఇదే కావచ్చు. ఆ మందు ఇంకా పేగుల దాకా దిగనైనా దిగదు కదా. చక్కెర మీద కూడా అభ్యంతరాలొచ్చాక చాలా కంపెనీలు దాన్నీ తీసేశాయి. ఇక మిగిలింది సోయికూర నూనె, వంటసోడా, నీళ్లు, వీటికి తోడు నిలవ ఉంచే పారాబెన్లు.

ఈ మిగిలినదాన్ని ఏమని పిలవాలన్న దగ్గర అసలు సంగతి జరిగింది. 1993లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ, అనుమతి లేని మందు అంటూ వుడ్‌వర్డ్స్ సరుకును రేవుల్లోనే ఆపేయమంది. మరుసటి ఏడాదే అక్కడ ఆహార పూరకాలకు వేరే చట్టం వచ్చింది. దాని కింద సరుకు అమ్మాలంటే పనిచేస్తుందని ముందుగా రుజువు చూపించక్కర్లేదు. గ్రైప్ వాటర్ ఆ తలుపులోంచి మళ్లీ దుకాణాల్లోకి వచ్చింది. మన దగ్గర అదే సీసా ఆయుర్వేద లైసెన్సుతో అమ్ముడవుతోంది. లేబుల్ మీద వంటసోడా సర్జికాక్షారమవుతుంది, సోయికూర శతపుష్ప అవుతుంది. అల్లోపతి కొత్త మందుకు అడిగేలాంటి క్లినికల్ పరీక్షలు దీనికి ఎవరూ అడగరు. అమెరికాలో ఉన్న కూతురి కాన్పుకు వెళ్తూ సూట్‌కేసులో నాలుగు సీసాలు సర్దుకునే తల్లులకు ఇవేవీ తెలిసే అవకాశం లేదు.

ఆల్కహాల్ లేని సీసాతో చిక్కు ఎక్కడొస్తుందో 2007 సెప్టెంబరులో తేలింది. అమెరికాలోని మిన్నెసోటాలో ఆరు వారాల బిడ్డకు జబ్బు చేసింది. ఆరా తీస్తే, కాలిఫోర్నియా కంపెనీ ఒకటి అమ్మిన యాపిల్ రుచి గ్రైప్ వాటర్‌లో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఉన్నట్టు ఎఫ్‌డీఏ ల్యాబ్ పరీక్షలో బయటపడింది. నీళ్ల విరేచనాలు పట్టించే ఈ జీవి క్లోరిన్‌కు లొంగదు. సరుకును వెనక్కి పిలిపించారు. ఆ సీసాలో తప్పు మత్తుదీ కాదు, తీపిదీ కాదు. అయినా ఈ రోజుకీ లేబుళ్లు 1992 నాటి ప్రశ్నకే జవాబు చెబుతున్నాయి.

కంపెనీల వాదన, ఇది తరాలుగా వాడుతున్నదే, ఫిర్యాదులు తక్కువని. నిజమే, తక్కువే. అయితే కడుపునొప్పి అని మనం పిలిచే ఈ ఏడుపు తీరే అలాంటిది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ రోజుకు మూడు గంటలకు మించి, వారానికి మూడు రోజులకు మించి ఏడిస్తే కోలిక్ అన్నది 1954 నుంచి వాడుకలో ఉన్న కొలత. అది ఆరో వారానికి తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు దానంతటదే పోతుంది. రెండో నెలలో ఏ చుక్కలు మొదలుపెట్టినా నాలుగో నెలకు ఆ చుక్కలకే పేరొస్తుంది.

ఇంటి మందు మేలని వస అరగదీసి నాకించేవాళ్లు కూడా గమనించాల్సింది ఒకటుంది. వసలో ఉండే బీటా-అసరోన్ ఎలుకల్లో క్యాన్సర్ తెచ్చిందని 1968లోనే అమెరికా దాన్ని ఆహారంలో నిషేధించింది. వస రకాన్ని బట్టి ఈ పదార్థం పాళ్లు మారుతుంటాయి, ఇంట్లో గంధపు సాన మీద అరగదీసేటప్పుడు అది తెలిసే వీల్లేదు.

ఇంట్లో సీసా ఉంటే, ముందువైపు రాసిన పెద్ద అక్షరాలు వదిలేసి వెనక చిన్న అక్షరాలు చూడండి. ప్రతి 5 మి.లీ.లో అని మొదలై మూలికలన్నింటికీ మిల్లీగ్రాముల లెక్క రాసిన చోట, చివర ‘షుగర్ సిరప్ బేస్ క్యూ.ఎస్.’ అని కనిపిస్తే, కావలసినంత కలిపామని అర్థం. ఎంతన్నది అక్కడ ఉండదు. వంటసోడా ఉన్న సీసాను మోతాదు మించి రోజుల తరబడి పడితే రక్తంలో క్షారం పెరిగే ప్రమాదం ఉంది.

డాక్టర్లు ఎక్కువగా భయపడేది మాత్రం సీసా చేసే హాని గురించి కాదు, సీసా వల్ల జరిగే ఆలస్యం గురించి. ఆకుపచ్చటి వాంతి, మలంలో రక్తం, కాళ్లు కడుపులోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చి తెల్లగా పాలిపోవడం, కాసేపు మామూలుగా ఉండి మళ్లీ అదే మొదలవడం పేగు మెలిపడిందనడానికో, పేగు పేగులోకి చొచ్చుకుపోయిందనడానికో గుర్తులు. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా అంతే. అలాంటప్పుడు గ్రైప్ వాటర్ పట్టి రేపు చూద్దామనుకునే వ్యవధి ఉండదు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.