కట్టింది ఏజెంటు, ఖర్చు మాత్రం పార్టీది

బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో మనవాళ్లు నడిపే క్లియరింగ్ ఆఫీసుల్లో, టాక్స్ ఆఫీసుల్లో మార్చి నెలాఖరుకి ఒక గొడవ తప్పదు. మనకి పని అప్పగించిన పార్టీ తరఫున మనం కట్టేసిన కస్టమ్స్ డ్యూటీ, ఫీజులు మన ఖర్చు కింద రాయాలా, పార్టీ నుంచి రావలసిన బాకీ కింద రాయాలా అని. "నా బ్యాంకులోంచే కదయ్యా పోయింది, ఖర్చు రాసేయ్, వచ్చినప్పుడు ఆదాయం రాసేయ్, లాభం ఎలాగూ మారదు" అంటాడు ఓనరు. లాభం మారదు, నిజమే. మారేది టర్నోవరు, దాని వెనకాల టాక్సు.

దీనికి పాత కథ ఉంది. 1994లో సర్వీస్ టాక్స్ వచ్చింది, 1997 జూన్‌లో పోర్టుల్లో పార్టీల సరుకు విడిపించే కస్టమ్స్ హౌస్ ఏజెంట్లని కూడా అందులో కలిపారు. పార్టీ కోసం కట్టిన డ్యూటీ, పోర్టు చార్జీల మీద టాక్స్ వద్దు, ఏజెంటు తీసుకునే సర్వీస్ చార్జీ మీదే వెయ్యాలని అప్పుడే చెప్పారు. విడివిడిగా చూపకుండా మొత్తం ఒకే ముద్దగా బిల్లు వేస్తే అందులో 15 శాతాన్ని సర్వీస్ చార్జీగా లెక్కగట్టమన్నారు. ఈ వెసులుబాటు వల్లే చాలామందికి ముద్ద బిల్లులు అలవాటయ్యాయని నా అనుమానం.

2006లో వాల్యుయేషన్ రూల్స్ వచ్చి కథ తిరగబడింది. రూల్ 5(1) ప్రకారం సేవ చేసే క్రమంలో పెట్టిన ఖర్చులన్నీ టాక్స్ వేసే విలువలో కలిసిపోతాయి, పార్టీ తరఫున కట్టి కట్టినంతే వసూలు చేసుకునే 'ప్యూర్ ఏజెంట్' షరతులు నెరవేరితేనే మినహాయింపు. ఇంటర్‌కాంటినెంటల్ కన్సల్టెంట్స్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2012లో ఆ రూల్ 5(1)ని కొట్టేసింది, చట్టం అడగనిది రూలు అడగకూడదని. ప్రభుత్వం 2015లో చట్టాన్నే మార్చి రీయింబర్స్‌మెంట్లని విలువలో చేర్చింది. సుప్రీంకోర్టు 2018 మార్చిలో హైకోర్టు తీర్పునే ఖాయం చేసింది గాని, అది 2015కి ముందు కాలానికే పనికొచ్చింది, అప్పటికి జీఎస్టీ కూడా వచ్చేసింది. ప్యూర్ ఏజెంట్ మాత్రం పోలేదు, సీజీఎస్టీ రూల్ 33లో కూర్చున్నాడు.

ఆ రూలు అడిగేవి పెద్ద చిక్కువేం కావు. పార్టీతో ఒప్పందం ఉండాలి, పార్టీ చెబితేనే మూడో మనిషికి కట్టాలి, ఆ సరుకు గాని సేవ గాని మన సొంతానికి వాడకూడదు, కట్టినంతే వసూలు చెయ్యాలి, బిల్లులో విడిగా చూపాలి. మనం సొంతంగా చేసే సేవ దీనికి వేరుగా ఉండాలి.

ఒక లెక్క చూద్దాం. పలాస జీడిపప్పు వ్యాపారి సరుకు విశాఖ పోర్టులో దిగింది, విడిపించేది బరంపురం ఏజెంటు. డ్యూటీ 3,00,000 కట్టాడు, దిగుమతికి కస్టమ్స్‌లో వేసే బిల్ ఆఫ్ ఎంట్రీ ఎలాగూ వ్యాపారి పేరు మీదే ఉంటుంది. పోర్టు చార్జీలు 60,000, ఇన్‌వాయిస్ వ్యాపారి జీఎస్టీ నంబరు మీద తీసుకున్నాడు. తన ఫీజు 25,000. కూలీలకి, తన రైలు ప్రయాణానికి ఇంకో 8,000 అయింది, అదీ వసూలు చేస్తాడు. ఈ 8,000 దగ్గరే అందరూ జారిపడతారు. కూలీలని పెట్టుకుంది తను, ప్రయాణం చేసింది తను, తన పని పూర్తి చేసుకోడానికే. అది సొంత ఖర్చు, ఫీజుతో కలిసిపోతుంది. కాబట్టి టాక్స్ పడేది 33,000 మీద, 18 శాతం అంటే 5,940. పార్టీ ఆంధ్రలో, ఏజెంటు ఒడిశాలో కాబట్టి అది ఐజీఎస్టీ. మొత్తం బిల్లు 3,98,940. అన్నీ కలిపి ముద్దగా వేసుంటే టాక్స్ 70,740 అయ్యేది, అంటే 64,800 ఎక్కువ. పోర్టు ఇన్‌వాయిస్ ఏజెంటు పేరు మీద తీసుకుంటే, తనే ఆ సేవ కొని పార్టీకి అమ్మినట్టు చూస్తారు, ప్యూర్ ఏజెంట్ వాదన నిలవడం కష్టం.

పుస్తకాల్లో ఆ 3,60,000 లాభనష్టాల ఖాతా గడప తొక్కకూడదు. కట్టిన రోజునే పార్టీ పేరున డెబిట్ పడాలి, బ్యాంకుకి క్రెడిట్, డబ్బు వచ్చిన రోజు తిరగరాయాలి. పార్టీవారీగా వేరే లెడ్జరు పెడితే తప్పులు వాటంతటవే బయటపడతాయి. పని ముగిశాక అక్కడ క్రెడిట్ మిగిలిందంటే కట్టినదానికంటే ఎక్కువ గుంజామన్నమాట, 'కట్టినంతే' అన్న షరతు పోయినట్టే. డెబిట్ మిగిలితే ఇంకా రావాలి, లేదా ఏదో సొంత ఖర్చు పొరపాటున అక్కడ పడింది.

పార్టీ ఎగ్గొడితే? దీన్ని ఓనర్లు ముందుగా ఆలోచించరు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం మామూలు వ్యాపారంలో బ్యాడ్ డెట్ కింద కొట్టేయాలంటే ఆ బాకీ ముందు ఎప్పుడో ఆదాయంగా లెక్కలోకి వచ్చుండాలి. ఇది ఎప్పుడూ ఆదాయం కాలేదు. అప్పుడు వ్యాపార నష్టంగా చూపి వాదించుకోవాల్సిందే, ఆ వాదన నిలబడాలంటే పార్టీ కట్టమన్న మెసేజో ఉత్తరమో దగ్గరుండాలి. అందుకే డ్యూటీకి ముందే అడ్వాన్సు తీసుకునే ఏజెంట్లని పిసినారులు అనలేం.