అల్లం ‘అఫిషినాలే’, పాలకూర ‘వల్గారిస్’

తిరుపతిలో మేడ మీద కుండీల్లో మొక్కలు పెంచుకునే ఒక పాఠకురాలు, నర్సరీ నుంచి తెచ్చిన రోజ్‌మేరీ, కాలెండ్యులా మొక్కల చీటీలు రెండింటి మీదా ‘అఫిషినాలిస్’ అన్న మాట చూసి, ఈ రెండూ చుట్టాలా, ఆ మాట ఉన్నవన్నీ మందుమొక్కలేనా అని అడిగారు. చుట్టాలు కావు, మందుమొక్కలా అన్నదానికి మాత్రం ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు.

మొక్కల శాస్త్రీయ నామాలకు 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ స్థిరపరచిన రెండు మాటల పద్ధతి మనవాళ్ళు పేరు రాసుకునే వరుసలోనే ఉంటుంది: ముందు ఇంటిపేరు, తరువాత సొంత పేరు. చిత్తూరు పల్లెల్లో మునెయ్యలు ఎందరో ఉంటారు గనుక ఇంటిపేరు చెబితే తప్ప ఏ మునెయ్యో తెలియదు; ఇద్దరు మునెయ్యలు ఉన్నంత మాత్రాన వాళ్ళు బంధువులూ కారు. అఫిషినాలిస్ కూడా అంతే, ఎన్నో కుటుంబాల మొక్కలకు ఉన్న సొంత పేరు. మగవాడు మునెయ్య, ఆడమనిషి మునెమ్మ అయినట్టే, లాటిన్‌లో మొదటి మాట లింగాన్ని బట్టి రెండవ మాట చివర మారుతుంది. కాలెండ్యులా స్త్రీలింగం గనుక అఫిషినాలిస్, జింజిబర్ నపుంసకలింగం గనుక అల్లం ‘జింజిబర్ అఫిషినాలే’. అందుకే వరి ‘ఒరైజా సటైవా’, వెల్లుల్లి ‘ఆలియం సటైవం’, ముల్లంగి ‘రఫానస్ సటైవస్’. మూడింటి అర్థమూ ఒకటే, విత్తి పండించేది అని.

ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే పేరు పెట్టకూడదన్నది ఈ పద్ధతిలో గట్టి నియమం, రోజ్‌మేరీ విషయంలో అదే పనిచేసింది. చాలాకాలం అది ‘రోస్మరైనస్ అఫిషినాలిస్’. 2017లో వృక్షశాస్త్రజ్ఞులు దానిని సాల్వియా ప్రజాతిలో కలిపినప్పుడు, అక్కడ సేజ్ మొక్క అప్పటికే ‘సాల్వియా అఫిషినాలిస్’గా ఉండడం వల్ల, రోజ్‌మేరీ ‘సాల్వియా రోస్మరైనస్’ అయింది. నర్సరీ చీటీల మీద పాత పేరే కొనసాగుతోంది. రెండూ ఒకే మొక్క గనుక కంగారు పడనక్కరలేదు.

ఇక అర్థం సంగతి. లాటిన్‌లో ‘అఫిషినా’ అంటే పనిచేసే గది. మధ్యయుగపు ఐరోపా మఠాల్లో మందు దినుసులు దాచే కొట్టుకూ, తరువాత మందులమ్మే దుకాణానికీ ఆ పేరు వచ్చింది. ఆ కొట్లో దొరికే మొక్క అఫిషినాలిస్. కాబట్టి ఆ మాట ఒకప్పుడు ఆ సరుకు ఎక్కడ ఉండేదో చెబుతుందే గాని, అది రోగాన్ని తగ్గిస్తుందని హామీ ఇవ్వదు. మన జిల్లా బెల్లానికి మూలమైన చెరకే దీనికి మంచి సాక్ష్యం. లినేయస్ దానికి పెట్టిన పేరు ‘సాకరం అఫిషినారం’, అంటే మందుల కొట్లకు చెందిన చెరకు. ఆనాటి ఐరోపాలో చక్కెర దూరదేశాల నుంచి వచ్చే ఖరీదైన సరుకు. చేదు మందులు మింగించడానికీ, మందుగా ఇవ్వడానికీ దానిని మందుల వ్యాపారులే అమ్మేవారు. పేరు ఆ రోజులదే. అయితే నేడు పొలాల్లో ఉన్న చెరకు అచ్చమైన అఫిషినారం కాదు. కోయంబత్తూరులో 20వ శతాబ్దం తొలినాళ్ళలో ఆ తియ్యని చెరకును మన వాగుల ఒడ్డున పెరిగే రెల్లుతో, అంటే ‘సాకరం స్పాంటేనియం’తో సంకరం చేసి Co 205 అనే రకాన్ని తీశారు, ఇప్పటి సాగు రకాలు దాదాపుగా ఇలాంటి సంకరాల సంతతే. స్పాంటేనియం అంటే తనంతట తాను మొలిచేది, రెల్లును చూసినవారెవరూ ఆ పేరును కాదనరు.

ఆ మాట లేనంత మాత్రాన మందు గుణం లేదని కూడా అనుకోకూడదు. మన పెరళ్ళలో నీళ్ళు పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరు పేరు ‘కాథరాంథస్ రోజియస్’, అందులోని రెండవ మాట గులాబి రంగును మాత్రమే చెబుతుంది. రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ మాత్రం ఆ మొక్క నుంచే వస్తుంది. దాని ఆకులు ఇంట్లో నమలడం ప్రమాదం. పేరులో అఫిషినాలిస్ ఉందని ధైర్యం చేసి కషాయం కాచుకునేవారికీ నా మాట అదే.

మొక్కల పేర్లలో తరచు కనిపించే మరో సొంత పేరు ‘వల్గారిస్’. ఇంగ్లీషు ‘వల్గర్’ను గుర్తుచేసినా అందులో తిట్టు లేదు. ‘వల్గస్’ అంటే సామాన్య జనం, వల్గారిస్ అంటే అందరికీ తెలిసినది. ఎవరికి తెలిసినది అని అడగాలి: ఐరోపావారికి. బీన్స్, ‘ఫాసియోలస్ వల్గారిస్’, పుట్టింది అమెరికా ఖండాల్లో, లినేయస్ నాటికి ఐరోపా తోటల్లో మామూలైంది. తోటమాలికి ఇందులో మరింత పనికొచ్చేది ‘బీటా వల్గారిస్’. బీట్‌రూటే కాదు, మనం పాలకూరగా విత్తే రకాలు చాలామటుకు ఇదే జాతి. పొట్లంలోని విత్తనాన్ని అరచేతిలో వేసుకుని చూడండి: బెండులాంటి గరుకు ఉండ కనిపిస్తే అది ఒక విత్తనం కాదు, కొన్ని పూల కాయలు అతుక్కున్న ముద్ద. అందుకే ఒక్కచోట వేసిన దాని నుంచి రెండు మూడు మొలకలు వస్తాయి. బీట్‌రూట్‌కైతే గట్టిదానిని ఉంచి మిగిలినవి తీసేయాలి, లేకపోతే గడ్డ ఊరదు, పాలకూరకైతే కోసుకు తినవచ్చు. ఇంగ్లీషువాళ్ళు స్పినాచ్ అనేది వేరే మొక్క, ‘స్పినాసియా ఒలరేసియా’; దాని విత్తనం ఒక్కో మొలకే ఇస్తుంది.