గరిటె కాడ చెప్పిన పేరు

చిరంజీవులు సౌమ్యకు, కిట్టుకు తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన నాలుగు ఫోటోలూ అందాయి. "పెదనాన్న తోటలో బావి పక్కనున్న చెట్టు పేరు ఎవరికీ తెలియదట, నువ్వు చెప్పు తాతయ్యా" అని సౌమ్య రాసింది. పేరు లేని చెట్టు ఉండదమ్మా. పేరు తెలిసినవాళ్లు వెళ్లిపోయి ఉంటారు, అంతే. నాటిన రోజున కొమ్మకు కట్టిన రేకు బిళ్ల మొదటి గాలివానకే ఎక్కడో పడిపోయి ఉంటుంది.

మొదటి ఫోటో చూసి నాకు నవ్వొచ్చింది. తెర నిండా ఆకుపచ్చటి ఉండ ఒకటి! అది గోళీ అంత ఉందో, గుమ్మడికాయంత ఉందో నాకెలా తెలుస్తుంది? ఇంకోసారి తీసేటప్పుడు పక్కన ఐదు రూపాయల నాణెం పట్టుకోండి. పైగా మే నెలలో నిమ్మ జాతి కాయలు చాలావరకు పచ్చగానే ఉంటాయి. చీనీ, నారింజ, నిమ్మ, పంపర పనస పచ్చి కాయలన్నీ ఒకే రంగు. మన ఎండలకు కొన్ని పండిన తరువాత కూడా పచ్చగానే ఉండిపోతాయి. పసుపు రంగు తిరగాలంటే రాత్రులు చల్లబడాలి. కాబట్టి రంగును నమ్ముకుంటే మోసపోతాం.

కాయ చెప్పనిది ఆకు చెబుతుంది. అయితే రెండో ఫోటోలో కిట్టు ఆకును తుంచి, కాడ పారేసి, బల్ల మీద పెట్టి తీశాడు. నాకు కావలసింది ఆ పారేసిన కాడే నాయనా!

ఎందుకో చెబుతాను. వంటింట్లోకి వెళ్లి మీ నానమ్మ గరిటెలు చూడండి. ఒకటి చెక్క తెడ్డు. కాడ, తెడ్డు ఒకే చెక్కలో చెక్కినవి, మధ్యలో అతుకు లేదు. ఇంకొకటి ఇత్తడి గరిటె. గిన్నె వేరు, కాడ వేరు, రెంటినీ కలిపి మేకు కొట్టారు. నిమ్మ జాతి ఆకులు కూడా ఇలాగే ఉంటాయి. మాదీఫలం ఆకు చెక్క తెడ్డు లాంటిది, కాడకూ ఆకుకూ మధ్య కీలు కనిపించదు. మిగిలినవాటిలో చాలావరకు ఇత్తడి గరిటెలే. కాడ చివర, ఆకు మొదలయ్యేచోట సన్నని గీత ఉంటుంది. ఆకును మెల్లగా వంచితే ఆ గీత దగ్గరే తెగుతుంది.

ఇక కాడ వెడల్పు చూడాలి. నిమ్మ కాడ సన్నగా ఉండి, అంచుల్లో వెంట్రుకంత రెక్క ఉంటుంది. చీనీ కాడకు ఇరువైపులా సన్నని రెక్క స్పష్టంగా కనిపిస్తుంది. కోస్తావాళ్లు బత్తాయి అనేది మన చీనీనే. నారింజ కాడ ఇంకా వెడల్పు, దాన్ని గరిటె కాడ అనడం కంటే అట్లకాడ అంటే సరిపోతుంది. పంపర పనసకు వచ్చేసరికి కాడే ఇంకో చిన్న ఆకులా విచ్చుకుని గుండె ఆకారంలో ఉంటుంది. అంటే గరిటెకు కాడగా ఇంకో గరిటె! ఇక్కడ నా పోలిక కాస్త బెసికింది. అలాంటి గరిటెను ఏ వంటింట్లోనూ చూడలేదు. పోనీ, గుర్తుంటే చాలు.

నేను ఫోన్లో అడిగితే కిట్టు ఇంకో ఆకును కాడతో సహా తీసి మూడో ఫోటో పంపాడు. కీలు ఉంది, సన్నని రెక్క ఉంది. "చీనీ, అనుమానమే లేదు" అన్నాను. పెదనాన్నది చీనీ తోటే కదా, నాకూ అదే తోచింది. అలా ముందే తోచినదాని మీద తొందరపడకూడదని నేను మీకు చెప్పేవాణ్ని, నేనే తొందరపడ్డాను.

ఆ రాత్రి పడుకోబోతూ మళ్లీ మొదటి ఫోటో చూశాను. కాయ కింది కొసన బుడిపె ఉంది. లేత కాయలకు పువ్వులో మిగిలిన పుల్ల ముక్క ఒకటి కొసకు అంటుకుని ఉంటుంది, గోధుమ రంగులో, ఎండిపోయి. గోరుతో తాకితే రాలిపోతుంది. ఇది అది కాదు. ఈ బుడిపె పచ్చగా, తొక్కతో పాటే పెరిగింది, చుట్టూ చిన్న పల్లం కూడా ఉంది. తొక్క నున్నగా లేదు, గరుకుగా గడ్డలు కట్టినట్టు ఉంది. తొడిమ వైపు మెడ సాగినట్టు ఉంది. చీనీ కాయ గుండ్రంగా, నున్నగా ఉంటుంది, ఇలా ఉండదు. ఆకేమో చీనీ, కాయేమో కాదు. ఒక చెట్టుకు రెండు మాటలా?

పొద్దున్నే సౌమ్యను ఒకే ప్రశ్న అడిగాను: "ఆ ఆకూ ఈ కాయా ఒకే కొమ్మవేనా?" కావట. కాయ బావి వైపుది. ఆకు కిట్టు రెండోసారి వెళ్లినప్పుడు దారి వైపు కొమ్మ నుంచి కోశాడట. అక్కడే తెలిసిపోయింది నాకు.

ఇక్కడ మా నాన్న సంగతి కొంచెం చెప్పాలి. ఆయన కన్ను అంటు కట్టేవాడు. చీనీ గింజ వేసి చీనీ తోట పెంచరు. ముందు జంబేరి అనే గరుకు తొక్క పుల్ల నిమ్మ గింజలు వేసి మొక్కలు పెంచుతారు. జంబేరి మొండిది, దాని వేళ్లు కరువును తట్టుకుంటాయి, మొక్క త్వరగా ఎదుగుతుంది. అది పెన్సిలు లావు అయ్యాక నేల మీద జానెడు ఎత్తున బెరడులో గాటు పెట్టి, మంచి చీనీ చెట్టు నుంచి తీసిన కన్నును, అంటే చిగురు మొగ్గను, అందులో దూర్చి కట్టేవాడు. ఆ కన్ను చిగురించాక పైనున్న జంబేరిని కోసేస్తారు. అప్పటినుంచి కింద వేళ్లు జంబేరివి, పైన చెట్టు చీనీది. ఇప్పుడు చాలాచోట్ల జంబేరికి బదులు రంగపూర్ నిమ్మ మీద కడుతున్నారు, పద్ధతి మాత్రం అదే.

నా పని ఏమిటంటే, అంటు కింద నుంచి మొలిచే పిలకలను ఎప్పటికప్పుడు గిల్లెయ్యడం. ఒక వేసవిలో గట్టు మీద నుంచి కనిపించే వరస మాత్రమే గిల్లి, మిగతావి వదిలేసి ఈతకు పోయాను. నాన్న ఏమీ అనలేదు. రెండేళ్ల తరువాత తోటలోకి తీసుకెళ్లి ఒక పండు కోసి నా చేతిలో పెట్టాడు. నోట్లో పెట్టుకుంటే పళ్లు పులిసిపోయాయి. "నువ్వు వదిలిన పిలక కాయ ఇది" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్నేమో.

మీ బావి పక్క చెట్టుకూ అదే జరిగిందని నా అనుమానం. అందుకే చెట్టు మొదలు ఫోటో తీయమన్నాను. నాలుగోది అదే, చాలా బాగా తీశావు సౌమ్యా. అందులో జానెడు ఎత్తున బెరడు రంగు మారినచోట చూడండి, అది అంటు అతుకు. అతుకు పైనున్న పాత మొద్దు సగం ఎండింది, దాని మీద ఎండిన బంక చారలు ఉన్నాయి. నీళ్లు పారినప్పుడల్లా మన్ను పేరుకుని మొదలును ముట్టుకుంటే బంక తెగులు వస్తుంది. అందుకే అతుకు ఎప్పుడూ మట్టి పైన ఉండాలని నాన్న పోరు పెట్టేవాడు. ఆ మొద్దు నుంచి ఒకే ఒక కొమ్మ దారి వైపు బతికి ఉంది. అదే చీనీ, కిట్టు ఆకు కోసినది దాని నుంచే. అతుకు కింద నుంచి లేచిన మూడు లావుపాటి కొమ్మలు బావి వైపు గొడుగు పట్టినట్టు పెరిగాయి. పొడవాటి ముళ్లు కూడా కనిపిస్తున్నాయి. అది జంబేరి.

రూఢి చేసుకోవడానికి మూడు పనులు చేయండి. బావి వైపు కొమ్మకు కొత్త చిగురు ఉంటే దాని రంగు చూడండి, జంబేరి చిగురులో లేత ఊదా ఛాయ ఉంటుంది, చీనీ చిగురు లేతపచ్చగా ఉంటుంది. తరువాత ఆ వైపు ఆకు కాడ చూడండి, రెక్క దాదాపు ఉండదు. రెండు వైపుల ఆకులనూ విడివిడిగా నలిపి వాసన కూడా చూడండి. వాసనను ఫోటో తీయలేం కాబట్టి ఆ ఒక్క సాక్ష్యం మీ ముక్కుల దగ్గరే ఉంది.

ఒక్క మాట. ఊళ్లో ఎవరైనా దీన్ని దబ్బకాయ అంటే కొట్లాడకండి. మన ఇళ్లలో పెద్దగా పుల్లగా ఉన్న ప్రతి కాయా దబ్బకాయే. మా అమ్మ జంబేరి కాయలను ఉప్పులో ఊరవేసి దబ్బకాయ పచ్చడే అనేది, మేము కూడా అలాగే తిన్నాం. నర్సరీ పేరు వేరు, వంటింటి పేరు వేరు, రెండూ నిజమే.

గరిటెకు మేకు ఎందుకు అని కిట్టు అడుగుతాడని తెలుసు. అది నేను పూర్తిగా విప్పి చెప్పలేను గానీ, చూపించగలను. గుడి ముందు మారేడు చెట్టు ఉంది కదా, అది నిమ్మకు చుట్టమే. దాని ఆకులో మూడు రేకులు ఉంటాయి, ఒక్కో రేకు కాడను కలిసేచోట కీలు ఉంటుంది. నిమ్మ పూర్వీకులకూ అలా చాలా రేకులు ఉండేవనీ, పోగా పోగా ఒక్కటే మిగిలిందనీ, కీలు మాత్రం గుర్తుగా నిలిచిపోయిందనీ వృక్షశాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. వెలగ కూడా చుట్టమే. దాని ఆకులో రేకుల మధ్యనున్న ఈనె అంచుల్లో పంపర పనస కాడకు ఉన్నట్టే సన్నని రెక్కలు ఉంటాయి! మొదటిసారి అది చూసిన రోజు నేను చెట్టు కిందే కూర్చుండిపోయాను, పాలేరు వచ్చి ఎండదెబ్బ తగిలిందేమోనని నీళ్లు చల్లాడు.

మారేడు ఆకు ఒకటి, వెలగ ఆకు ఒకటి, చీనీ ఆకు ఒకటి వరసగా పెట్టి చూడండి. తరువాత చీనీ ఆకును ఎండకు ఎత్తి పట్టుకోండి. సూదితో పొడిచినట్టు వెలుగు చుక్కలు కనిపిస్తాయి, వాసన ఉండేది ఆ చుక్కల్లోనే. ఈ కుటుంబం అంతటికీ ఉండే గుర్తు అది.

పెదనాన్న ఆ చెట్టును కొట్టెయ్యాలనుకుంటున్నాడని మీ అమ్మ చెప్పింది. వచ్చే నెల నేను వచ్చేవరకు ఆగమనండి. దారి వైపు కొమ్మ ఏ చీనీదో, ఎవరు తెచ్చిన అంటో తెలియదు, కానీ దాని కన్ను ఇంకా బతికే ఉంది. నా చాకు పదును పెట్టించాను. ఈలోపు ఆ కొమ్మ మీద కాయలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, వాటిలో ఒకదాన్ని నాణెం పక్కన పెట్టి ఫోటో తీసి పంపండి.

మీ తాతయ్య