పాలిచ్చే అమ్మ ముఖానికి ఏం రాయొచ్చు: అపోహలు, వాస్తవాలు

ఐదు నెలల పాపను భుజాన వేసుకుని వచ్చినావిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి రెండు ట్యూబులు తీసి నా బల్ల మీద పెట్టింది. ఒకటి అజెలాయిక్ యాసిడ్. వేరే డాక్టరు రాసిచ్చింది, రెండు రోజులు రాసి, పాలలోకి వెళ్తుందేమోనని భయపడి ఆపేసింది. రెండోది అడుగు నుంచి మడతపెట్టి మరీ పిండిన ట్యూబు, మెడికల్ షాపులో "మొటిమలకి, మచ్చలకి ఏదైనా ఇవ్వండి" అని అడిగితే ఇచ్చింది. దాని వెనక చిన్న అక్షరాల్లో ఉన్నవి మూడు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. అంటే భయపడాల్సినదాన్ని పూర్తిగా వాడేసి, భయం అక్కర్లేనిదాన్ని పక్కన పెట్టిందన్నమాట. చర్మవ్యాధుల ఓపీలో కూర్చుంటే ఇలాంటివాళ్లు తరచూ కనిపిస్తారు, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ముఖానికి ఏది రాసినా పాలలో కలిసిపోతుంది

వాస్తవం: మీరు రాసిన మందు బిడ్డ దగ్గరికి వెళ్లడానికి రెండు దారులున్నాయి. మొదటిది చర్మం నుంచి మీ రక్తంలోకి, అక్కడినుంచి పాలలోకి. ఈ దారిలో ప్రతి మలుపులోనూ మందు తగ్గిపోతూ వస్తుంది. అజెలాయిక్ యాసిడ్‌నే తీసుకోండి, రాసినదాంట్లో నూటికి నాలుగు వంతుల దాకానే లోపలికి ఇంకుతుంది, పైగా అది గోధుమలు, బార్లీ లాంటి గింజల్లోనూ మన ఒంట్లోనూ మామూలుగానే ఉండే పదార్థం. బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా ఇంకేది కొంచెమే, ఆ కాస్తా బెంజోయిక్ యాసిడ్‌గా మారి మూత్రంలో పోతుంది. ముఖానికి రాసుకునే క్లిండమైసిన్ జెల్ అవసరమైతే డాక్టరు సలహాతో వాడొచ్చు, బిడ్డకి విరేచనాలు పట్టుకుంటే మాత్రం ఆపి చెప్పండి.

రెండో దారి గురించి ఎవరూ అడగరు. పాలు తాగి నిద్రపోయే బిడ్డ బుగ్గ మీ బుగ్గకి ఆనుకుని ఉంటుంది, మెలకువ వస్తే మీ గడ్డాన్ని చీకుతుంది, మీ వేళ్లు నోట్లో పెట్టుకుంటుంది. ఈ దారిలో తగ్గేదేమీ లేదు, మందు నేరుగా నోట్లోకే. అందుకని రాత్రి పాలిచ్చి పడుకోబెట్టాక రాయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, మందు ఆరేదాకా బిడ్డను ముఖానికి ఆనించుకోవద్దు. రొమ్ము మీద, చనుమొన చుట్టుపక్కల ఏ మొటిమల మందూ వద్దు, ఛాతీ మీద మొటిమలున్నాసరే.

అపోహ: షాపులో చీటీ లేకుండా దొరికేది తేలికపాటి క్రీమే అయ్యుంటుంది

వాస్తవం: ఆ మూడింటిలో మొమెటాసోన్ స్టెరాయిడ్. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ మీదే అమ్మాలని నిబంధన ఉంది, అయినా అడిగితే దొరికేస్తున్నాయి. మొదటి పది రోజులు ముఖం నున్నగా, తెల్లగా కనిపిస్తుంది, ఎరుపు తగ్గుతుంది, మనకి తెగ నచ్చేస్తుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు, ముఖం మీద నూగు, ఒకే సైజులో ఒత్తుగా చిన్న చిన్న మొటిమలు. ఆపితే మంట, ఎరుపు, దాంతో మళ్లీ అదే రాస్తారు. గుర్తుపట్టడానికి ఇదే తేలిక దారి: ఆపిన రెండు మూడు రోజుల్లో ముఖం భగ్గుమంటే అది మీ చర్మం మొండితనం కాదు, ట్యూబులో స్టెరాయిడ్ ఉందని.

హైడ్రోక్వినోన్ సంగతి వేరే. రాసినదాంట్లో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే లోపలికి ఇంకుతుంది, పాలిచ్చే రోజుల్లో దాని అవసరం లేదు, మంగు మచ్చల సంగతి తర్వాత చూసుకోవచ్చు, తొందరేం లేదు. ట్రెటినాయిన్, రెటినాల్ ముఖానికి రాస్తే ఇంకేది తక్కువే కానీ పాలిచ్చే తల్లుల మీద సరైన సమాచారం లేదు కాబట్టి మామూలుగా వాయిదా వేయమంటాం. ఎప్పుడో తెలియక వారం రోజులు రాసేశారా, పాలు మాన్పించాల్సిన పనైతే లేదు, కంగారు పడొద్దు. మొటిమలకి నోటితో వేసుకునే ఐసోట్రెటినాయిన్ మాత్రం పాలిస్తున్నంతకాలం అసలు వద్దు.

అపోహ: వంటింట్లోదైతే ఏ హానీ ఉండదు

బాలింతకి తలనిండా నూనె పెట్టి, నుదురు మీదుగా కారేదాకా మర్దనా చేసి, ఆ పైన సాంబ్రాణి వేస్తారు కదా. నుదుటి మీద వెంట్రుకల మొదళ్ల వెంబడి గరుకుగా, చీము లేకుండా వరుసగా బొడిపెలు వస్తే ముందు ఆ నూనెనే అనుమానించండి. తలకి నూనె మానక్కర్లేదు, స్నానానికి గంట ముందు పెట్టి, నుదురు, చెవుల దగ్గర తుడిచేసి, షాంపూతో కడిగేస్తే చాలు. అత్తయ్య గారి మాట కాదన్నట్టూ ఉండదు. నిమ్మరసం, బేకింగ్ సోడా, పసిపిల్లలకు రాసే నలుగుపిండితో గట్టిగా రుద్దడం, ఈ మూడూ మొటిమల ముఖానికి వద్దు.

అపోహ: ముఖం కళ తప్పిందంటే ఫేషియల్ చేయించుకోవాలి

ప్రసవం అయ్యాక ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోతాయి, నిద్ర ఉండదు, ఒంట్లో రక్తం కూడా తక్కువైతే ముఖం పాలిపోయి కనిపిస్తుంది. దానికి పైపూత ఏం చేస్తుంది? ప్రసవం తర్వాత 180 రోజులు రోజుకో ఐరన్ ఫోలిక్ మాత్ర వేసుకోమని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది, చాలామంది మలబద్ధకం అని నెలకే మానేస్తారు. హిమోగ్లోబిన్‌తో పాటు ఒకసారి థైరాయిడ్ కూడా చూపించుకోండి, ముఖ్యంగా గుండె దడ, విపరీతమైన నీరసం, జుట్టు బాగా రాలడం ఉంటే. పైనుంచి సాయం కావాలంటే ఐదు శాతం లోపు నయాసినమైడ్, విటమిన్ సి, తక్కువ శాతం గ్లైకాలిక్ లేదా లాక్టిక్ యాసిడ్, పగలు జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్, ఇవి మామూలుగా ఇబ్బంది లేనివే. అన్నీ ఒకేసారి మొదలెట్టకండి. సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్‌గా, రెండు శాతం లోపు, ముఖం వరకూ ఫర్వాలేదు, వీపంతా పీల్ చేయించుకోవడం మాత్రం వాయిదా వేయండి.

ఇంకొకటి, కాన్పు తర్వాత ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్న గర్భనిరోధక మాత్రలు వేసుకుంటుంటే కొందరికి మొటిమలు పెరుగుతాయి. ఇది మీ అంతట మీరు ఆపొద్దు, గైనకాలజిస్టుకి చెప్పండి.

ఇక ఆవిడ విషయం. క్రీము వాడింది ఆరు వారాలే కాబట్టి ఆపించాం, ముందే చెప్పాను మూడు వారాలు ఎర్రగా అవుతుంది, తట్టుకోమని. ఆ రోజుల్లో సువాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఏదీ లేదు. చర్మం చల్లబడ్డాక, తను ఆపేసిన అజెలాయిక్ యాసిడ్ పది శాతం ట్యూబునే మళ్లీ తీశాం: బఠాణీ గింజంత, రాత్రి విడిచి రాత్రి, రెండు వారాల తర్వాత రోజూ. మొదట్లో చిమచిమలాడింది, ఫోన్ చేసింది, మాయిశ్చరైజర్ రాశాక దాని మీద రాయమన్నాను. గడ్డం మీద చీము మొటిమలకి రెండున్నర శాతం బెంజాయిల్ పెరాక్సైడ్, ఐదు నిమిషాలు ఉంచి కడిగేయడం. పాత తువ్వాలు వాడమని చెప్పడం మర్చిపోయాను, వాళ్ల అత్తయ్య గారి కొత్త తువ్వాలు మీద తెల్ల మరకలు పడి నాకో ఫోన్ కూడా వచ్చింది. హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర ఉంది, ఐరన్ మళ్లీ మొదలెట్టాం, టీకి, మాత్రకి మధ్య గంట దూరం పెట్టి. పదో వారానికి కొత్త మొటిమలు ఆగాయి, నల్ల మచ్చలు మాత్రం ఇంకా ఉన్నాయి, అవి తగ్గడానికి ఇంకో మూడు నాలుగు నెలలు పడుతుందని చెప్పాను.