ఫుల్ యాడర్, క్యారీ ఆలస్యం: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో చిప్ డిజైన్ ఉద్యోగాల కోసం తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చి, మారతహళ్లి పరిసరాల పీజీల్లో ఉంటూ శిక్షణ పొందే పిల్లలకు వారాంతాల్లో డిజిటల్ డిజైన్ చెబుతుంటాను. యాడర్ అధ్యాయం అందరికీ వచ్చినట్టే ఉంటుంది. కానీ ఒక నిర్దిష్టమైన సంకలనం ఇచ్చి, దాని జవాబు ఎంతసేపటికి స్థిరపడుతుందని అడిగితే తడబాటు మొదలవుతుంది. ఆ తడబాటుకు మూలమైన అపోహలను ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: 4 బిట్ల రిపుల్ యాడర్ ఆలస్యం అంటే ఒక ఫుల్ యాడర్ ఆలస్యానికి నాలుగు రెట్లు.

రిపుల్ యాడర్‌లో ఫుల్ యాడర్లు వరుసగా ఉండి, ఒక స్థానం `Cout` పక్క స్థానానికి `Cin` అవుతుంది. ముందుగా ఫుల్ యాడర్‌ను గేట్లతో కట్టి చూద్దాం. రెండు హాఫ్ యాడర్లు, ఒక ఆర్ గేట్ కలిస్తే ఫుల్ యాడర్ అవుతుంది. అంటే మొత్తం రెండు ఎక్సార్, రెండు యాండ్, ఒక ఆర్.

```
P = A ^ B
G = A & B
S = P ^ Cin
Cout = G | (P & Cin)
```

లెక్క సులువుగా ఉండడానికి యాండ్, ఆర్ గేట్లకు 1 యూనిట్ చొప్పున, లోపల మరిన్ని గేట్లు ఉండే ఎక్సార్‌కు 2 యూనిట్లు ఆలస్యం అనుకుందాం. `A` నుంచి `Cout` వరకు ఎక్సార్, యాండ్, ఆర్ కలిపి 4 యూనిట్లు పడుతుంది. దీన్ని నాలుగుతో హెచ్చించి 16 అని రాసేవారు చాలామంది. అయితే `P` విలువ లెక్కించడానికి క్యారీతో పని లేదు కాబట్టి, నాలుగు స్థానాల్లోని ఎక్సార్లూ ఒకేసారి పని మొదలుపెట్టి 2 యూనిట్లకల్లా ముగిస్తాయి. ఆ తరువాత క్యారీ ఒక్కో స్థానంలో దాటవలసింది ఒక యాండ్, ఒక ఆర్ మాత్రమే. కాబట్టి అసలు లెక్క 2 + 4×2 = 10 యూనిట్లు. ఫుల్ యాడర్‌లో వేగంగా ఉండవలసిన దారి `Cin` నుంచి `Cout` వరకు ఉన్నదే తప్ప `S` దారి కాదని దీనివల్ల తెలుస్తుంది. అనుభవజ్ఞులు ట్రాన్సిస్టర్ల స్థాయిలో శ్రద్ధ పెట్టేది కూడా ఆ దారి మీదే.

అపోహ: పెద్ద సంఖ్యలను కలిపితేనే ఎక్కువ ఆలస్యం కనిపిస్తుంది.

నన్ను ఎక్కువగా బాధించే అపోహ ఇది, ఎందుకంటే తప్పుడు పరీక్షలకు దారి తీసేది ఇదే. ఆలస్యం కొలవమంటే విద్యార్థులు సాధారణంగా 1111కు 1111 కలుపుతారు. అప్పుడు ప్రతి స్థానంలోనూ రెండు ఇన్‌పుట్లూ 1 కాబట్టి, ప్రతి స్థానమూ తన క్యారీని తానే పుట్టిస్తుంది, పక్క స్థానం కోసం ఎదురుచూడదు. అన్ని ఇన్‌పుట్లూ 0గా ఉన్న స్థితి నుంచి మొదలుపెడితే క్యారీలన్నీ 2 యూనిట్లకు, మొత్తమంతా 4 యూనిట్లకు సిద్ధమవుతాయి. 1010కు 0101 కలిపి, తొలి క్యారీ 0గా ఉంచితే అసలు క్యారీయే పుట్టదు.

ఇప్పుడు అదే స్థితి నుంచి `A`ను 1111, `B`ను 0000, తొలి క్యారీని 1 చేయండి. జవాబు 16 కావాలి. నాలుగు స్థానాల్లోనూ `P` 1, `G` 0. ఏ స్థానమూ క్యారీని సొంతంగా పుట్టించలేదు, వచ్చినదాన్ని ముందుకు పంపగలదు, అంతే. తొలి క్యారీ మొదటి స్థానం దాటేసరికి 4 యూనిట్లు, ఆపై 6, 8, చివరికి 10. ఈలోగా అవుట్‌పుట్‌ను గమనిస్తే 4వ యూనిట్ దగ్గర 14, 6వ దగ్గర 12, 8వ దగ్గర 8, 10వ దగ్గర సరైన 16 కనిపిస్తాయి. మధ్యలో కనిపించినవన్నీ తప్పుడు జవాబులే. 8వ యూనిట్ దగ్గర క్లాక్ అంచు వచ్చి రిజిస్టర్ ఆ విలువను పట్టుకుంటే, 16 బదులు 8 నిల్వ అవుతుంది.

యాదృచ్ఛిక సంఖ్యలతో పరీక్షిస్తే ఇలాంటి పొడవైన క్యారీ గొలుసు అరుదుగా తగులుతుంది. బర్క్స్, గోల్డ్‌స్టైన్, వాన్ నాయ్‌మన్ 1946లో రాసిన నివేదికలోనే, అతి పొడవైన క్యారీ గొలుసు సగటు పొడవు బిట్ల సంఖ్యకు 2 ఆధారంగా తీసుకున్న లాగరిథమ్‌ను మించదని చూపారు. నేను గతంలో పనిచేసిన ఒక చోట, వేల యాదృచ్ఛిక సంకలనాలు సరిగా వచ్చాయన్న ధీమాతో క్లాక్ వేగం పెంచేశారు. తరువాత ఒక కౌంటర్ విలువ అన్నీ 1లుగా ఉన్న స్థితి నుంచి సున్నాకు తిరిగే చోట మాత్రమే లోపం బయటపడింది. కారణం కనిపెట్టడానికి మాకు మూడు రోజులు పట్టింది. క్లాక్ వ్యవధిని సగటును బట్టి కాక అత్యంత పొడవైన దారిని బట్టే నిర్ణయించాలి.

ఎస్పీ రోడ్డులో 7486, 7408, 7432 చిప్‌లు కొని బ్రెడ్‌బోర్డు మీద దీన్ని చూడదలచినవారు `A`ను 1111 దగ్గర, `B`ను 0000 దగ్గర కట్టేసి, తొలి క్యారీకి చదరపు తరంగం ఇచ్చి, తొలి క్యారీనీ చివరి క్యారీనీ ఆసిలోస్కోప్‌లో పక్కపక్కన చూడాలి. `P` విలువలు ముందే స్థిరపడి ఉంటాయి కాబట్టి, అక్కడ కనిపించే ఎడం కచ్చితంగా నాలుగు యాండ్, నాలుగు ఆర్ గేట్లదే.

అపోహ: క్యారీ లుక్‌అహెడ్‌లో బిట్లు ఎన్ని ఉన్నా ఆలస్యం ఒకటే.

లుక్‌అహెడ్‌లో క్యారీ కోసం వేచి ఉండకుండా, దాని సూత్రాన్ని ముందే విడమరిచి రాస్తాం.

```
C1 = G0 | P0 C0
C2 = G1 | P1 G0 | P1 P0 C0
C3 = G2 | P2 G1 | P2 P1 G0 | P2 P1 P0 C0
```

కాగితం మీద ప్రతి క్యారీకీ ఒక వరుస యాండ్‌లు, ఒక ఆర్ చాలు. `P` సిద్ధమవడానికి 2, క్యారీకి 2, చివరి ఎక్సార్‌కు 2 కలిపి 6 యూనిట్లు. బిట్లు నాలుగైనా పదహారైనా ఇదే లెక్క వస్తుంది కాబట్టి ఈ అపోహ పుట్టింది. కానీ `C16`ను ఇలా రాస్తే 17 ఇన్‌పుట్ల యాండ్ గేట్, 17 ఇన్‌పుట్ల ఆర్ గేట్ కావాలి. సీమాస్‌లో ఇన్‌పుట్లు పెరిగేకొద్దీ ట్రాన్సిస్టర్లు ఒకదాని కింద ఒకటి వరుసగా చేరుతాయి, ఆ వరుస పెరిగేకొద్దీ గేట్ నెమ్మదిస్తుంది. అందుకే ఆచరణలో సాధారణంగా నాలుగు ఇన్‌పుట్ల దగ్గర ఆగుతాం. పైగా దిగువ స్థానాల `P`, `G` తీగలు ఎన్నో గేట్లను నడపవలసి వచ్చి, ఆ భారం వల్ల కూడా ఆలస్యం పెరుగుతుంది.

కాబట్టి నాలుగేసి బిట్లను ఒక గుంపుగా చేసి, ఆ గుంపు మొత్తానికి ఒక `P`, ఒక `G` తయారుచేసి, గుంపుల మధ్య మళ్లీ లుక్‌అహెడ్ పెడతారు. పాత టీటీఎల్ కుటుంబంలో 74182 చిప్ చేసేది ఈ పనే. మన లెక్కలో 16 బిట్లకు గుంపు `G` 4వ యూనిట్‌కు, గుంపుల క్యారీలు 6వ యూనిట్‌కు, గుంపు లోపలి క్యారీలు 8వ యూనిట్‌కు, మొత్తం 10వ యూనిట్‌కు సిద్ధమవుతాయి. రిపుల్‌లో ఇదే 34. మరో అంతస్తు చేర్చి 64 బిట్లకు వెళితే లుక్‌అహెడ్ 14, రిపుల్ 130. బిట్లు నాలుగు రెట్లు పెరిగిన ప్రతిసారీ 4 యూనిట్లు చేరుతున్నాయి. అంటే ఆలస్యం స్థిరంగా ఉండదు, లాగరిథమ్ లెక్కన నెమ్మదిగా పెరుగుతుంది.

అపోహ: ఎఫ్‌పీజీఏలో చేత్తో రాసిన లుక్‌అహెడ్ మామూలు `+` కన్నా వేగం.

సాధారణ వెడల్పులలో దాదాపు ఎప్పుడూ కాదు. ఎఫ్‌పీజీఏలలో క్యారీ కోసమే ప్రత్యేకమైన దారి ఉంటుంది. ఉదాహరణకు జైలింక్స్ 7 సిరీస్‌లో `CARRY4` అనే భాగం నాలుగు బిట్ల క్యారీని, పక్కనే ఉన్న స్థిరమైన తీగల మీదుగా చాలా వేగంగా పంపుతుంది. `+` అని రాస్తే టూల్ దాన్నే వాడుకుంటుంది. లుక్‌అహెడ్ సూత్రాలను విడిగా రాస్తే అవి లుక్‌అప్ టేబుళ్లలోకి వెళ్లి, వాటి మధ్య మామూలు రూటింగ్ తీగలు వస్తాయి. సమయమంతా ఆ తీగలే తినేస్తాయి. టైమింగ్ రిపోర్టులో అత్యంత పొడవైన దారిని తెరిచి, అందులో `CARRY4` వరుస ఉందా, లేక `LUT6`లూ వాటి మధ్య నెట్ ఆలస్యాలూ ఉన్నాయా అని చూస్తే మీ యాడర్ ఏ దారిన వెళ్లిందో వెంటనే తెలుస్తుంది.